ఉచిత నెల ముగిసేలోపు

ఆఫీసులో ఆయన్ని అందరూ దాదా, అంటే అన్నయ్య, అని పిలిచేవారు. నేనొక్కదాన్నే బాబాయి అనేదాన్ని. మా మధ్య చుట్టరికమేమీ లేదు. మా నాన్న గార్డెన్ రీచ్ డాక్‌లో క్రేన్ నడిపేవాడు. బాబాయి బడ్జ్ బడ్జ్‌లో ఒక జూట్ మిల్లు ఆఫీసులో గుమాస్తా. ఇద్దరి పెద్దలూ శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డు నుంచి బతుకుతెరువు కోసం ఈ ఊరొచ్చినవాళ్ళే. కలకత్తాలో ఇద్దరు తెలుగువాళ్ళు ఒకే గదిలో కూర్చుంటే పలకరింపుకి ఆ మాత్రం చాలు.

మేం కలిసింది సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో, అద్దాల మేడల్లో ఒకదాంట్లో, ఒక కాల్ సెంటర్ శిక్షణ తరగతిలో. ఎర్రజెండా ప్రభుత్వం కంప్యూటర్ కంపెనీలకి ఎర్ర తివాచీ పరుస్తోందని పత్రికలు రాస్తున్న రోజులు. నాకప్పుడే కాలేజీ అయింది. తరగతిలో ఉన్నవాళ్ళంతా నా ఈడువాళ్ళే. ఆయన మాత్రం మెడదాకా బొత్తాలు పెట్టుకున్న తెల్ల చొక్కాతో చివరి బల్ల దగ్గర కూర్చున్నారు. జుట్టు సగం నెరిసింది. ఎవరినో దింపడానికి వచ్చిన తండ్రి అనుకుని, బయట సోఫాలో కూర్చోమంది అక్కడి అమ్మాయి. ఆయన లేచి, చక్కటి ఇంగ్లీషులో, తాను కూడా ఉద్యోగంలో చేరడానికే వచ్చానని చెప్పారు. ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది.

మధ్యాహ్నం విరామంలో నేను అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే విని, నవ్వుతూ దగ్గరికొచ్చారు.

"ఏటమ్మా, మనోళ్ళేనా? ఏ ఊరు మీది?"

అలా మొదలైంది. ఆయన మిల్లు గేటుకి ఒకరోజు పొద్దున్నే తాళం పడింది. లోపల జీతాలు, గ్రాట్యుటీ అన్నీ అలాగే ఉండిపోయాయి. మిల్లు బడిలో చిన్నప్పుడు ఒక ఆంగ్లో ఇండియన్ టీచరమ్మ నేర్పిన ఇంగ్లీషు ఒక్కటే చేతిలో మిగిలింది. "ఇన్నాళ్ళకి అదైనా అక్కరకొచ్చినాదిలే," అనేవారు.

మా పని ఇంగ్లండులోని ఒక కంపెనీ కోసం. వాళ్ళు పుస్తకాలని చదివించి, సీడీల మీద రికార్డు చేసి, పోస్టులో ఇళ్ళకి పంపేవారు. చూపు మందగించిన ముసలివాళ్ళు, మంచాన పడ్డవాళ్ళు, ఒంటరివాళ్ళు ఎక్కువగా చేరేవారు. రేడియోలో ప్రకటన వచ్చేది: మొదటి నెల పూర్తిగా ఉచితం, ఈ నంబరుకి ఫోన్ చేయండి. ఆ ఫోన్ మా మేడలోనే కింది అంతస్తులో మోగేది. అక్కడి పిల్లలు పేరు, చిరునామా, బ్యాంకు కార్డు వివరాలు తీసుకునేవారు. ఉచితమైతే కార్డెందుకు అని ఎవరైనా అడిగితే, ఖాతా తెరవడానికి మాత్రమే అనేవారు. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఉచిత నెల అయిపోయేలోగా ఆ మనిషి తానుగా వద్దు అని చెప్పకపోతే, ఆ ఖాతా దానంతటదే డబ్బు కట్టే ఖాతాగా మారిపోతుంది. ఆ కార్డు మీద మొదటి నెల చందా పడుతుంది. ఆ తర్వాత ప్రతి నెలా పడుతూనే ఉంటుంది.

పై అంతస్తులో, వద్దు అని చెప్పడానికి చేసే ఫోన్లు అందుకునేది మేము.

శిక్షణలో దీన్ని మాకు బొమ్మ గీసి చెప్పారు. ప్రతి ఖాతాకీ తెర మీద ఒక తేదీ ఉంటుంది. ఉచితం ఎప్పుడు ముగుస్తుందో, మొదటి చందా ఎప్పుడు తీయాలో చెప్పే తేదీ. ఆ తేదీ వచ్చిన ఖాతాలన్నిటినీ మెషీన్ ఒక్కసారిగా పోగుచేసి బ్యాంకులకి పంపుతుంది. అంతకుముందే రద్దయిన ఖాతా ఆ పోగులోకి రాదు, కాబట్టి పైసా పోదు. ఆ తేదీ దాటాక రద్దు చేస్తే పోయింది పోయినట్టే. ఆ తర్వాతి నెలది మాత్రం ఆగుతుంది. ఇంతే సంగతి. కానీ ఫోన్ చేసేవాళ్ళలో సగం మందికి ఇది తెలియదు. సీడీలు తిరిగి పంపేశాం కదా, ఇక తీయరు అనుకునేవారు. పొట్లం విప్పనే లేదు కదా అనేవారు. వినడం మానేస్తే అదే ఆగిపోతుందనుకున్నవాళ్ళూ ఉన్నారు. మెషీన్‌కి అవేవీ పట్టవు. వద్దన్న మాట నమోదైందా లేదా, అంతే.

ఫోన్ చేసినవాళ్ళని వెంటనే వదలకూడదన్నది మా నియమం. ముందు ఎందుకని అడగాలి. తర్వాత ఒక మంచి పుస్తకం పేరు చెప్పాలి. అప్పటికీ వినకపోతే, ఇంకో పదిహేను రోజులు ఉచితంగా ఉంచుకోండి అనాలి. వినడానికి అది దయలాగే ఉంటుంది. అసలు లోపలి సంగతి మా టీమ్ లీడరే ఒకసారి టీ తాగుతూ చెప్పాడు. అతను నాకంటే నాలుగైదేళ్ళు పెద్దవాడు, బెహాలా కుర్రాడు, చెడ్డవాడేమీ కాదు. "ఒకసారి గుర్తుపెట్టుకుని ఫోన్ చేసినవాడు రెండోసారి గుర్తుపెట్టుకోడు," అన్నాడు.

ఇంకో సంగతి కూడా ఉండేది. ఉచిత నెలలో ఏ రోజు రద్దు చేసినా, నెల చివరి వరకు సీడీలు వింటూనే ఉండొచ్చు. షరతుల్లో అలాగే ఉంది. కానీ అడిగితే తప్ప మేం చెప్పకూడదు. ఎందుకంటే ఆ సంగతి తెలిసినవాడు చేరిన రోజే రద్దు చేసుకుని హాయిగా వింటాడు.

బాబాయి మాత్రం చెప్పేసేవారు. అడగకపోయినా సరే. "ఈరోజే ఆపేసుకోండి మేడమ్. మీరు పోగొట్టుకునేదేమీ లేదు. నెలాఖరు దాకా వినండి. మీ కార్డు మీద ఏదీ పడదు." ఆయన గొంతు నెమ్మదిగా, బరువుగా ఉండేది. అవతలివాళ్ళు థాంక్యూ చెప్పి కూడా వెంటనే పెట్టేసేవారు కాదు. నెలాఖరుకి బోర్డు మీద ఎవరు ఎంతమందిని రద్దు చేసుకోకుండా నిలబెట్టారో రాసేవారు. ఆయన పేరు ఎప్పుడూ అడుగునే ఉండేది.

"బాబాయ్, మరీ అలగ చెప్పీస్తే ఉద్యోగం ఉంటాదా?" అని ఒకసారి అడిగాను.

"అడిగింది చేసీడానికే కదమ్మా ఫోనెత్తుతున్నాం," అన్నారు. అంతకంటే పెద్ద మాటలు ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆ పెద్దావిడ ఫోన్ మొదటిసారి ఆయనకే వచ్చింది. ఇంగ్లండులో సముద్రం పక్కన ఏదో చిన్న ఊరు. ఒంటరిగా ఉంటోంది. కళ్ళు సరిగా కనబడక రేడియో విని చేరింది. పొట్లాలు వచ్చాయి కానీ సీడీ మెషీన్ ఎలా పెట్టాలో తెలియలేదు. ఆపేయమంది. బాబాయి ఆపేశారు. డబ్బు తీయరు కదా అని రెండు మూడుసార్లు అడిగింది. ఉచిత నెల ఇంకా నడుస్తూనే ఉందనీ, ఇప్పుడు ఆపింది కాబట్టి ఏమీ పడదనీ ఆయన ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పారు.

కొన్ని వారాలకి ఆమే మళ్ళీ. ఈసారి నేను పక్క సీట్లో ఉన్నాను. ఆయన తెర వైపు చూసి నొసలు చిట్లించడం కనిపించింది. ఆమె పేరు మీద ఇంకో కొత్త ఖాతా ఉంది. మళ్ళీ ఉచిత నెల. ఆమెకి ఇంతకుముందు చేరిన సంగతే గుర్తులేదు. రేడియో విన్నది, ఫోన్ చేసింది, చేరింది. పొట్లం వచ్చాక, ఇదేమిటో నేను అడగలేదే అని కంగారుపడి మాకు ఫోన్ చేసింది.

ఒక ఇంటికి ఒకే ఉచిత నెల అన్నది కంపెనీ నియమమే. కానీ కింది అంతస్తు పిల్లలకి చేర్పించిన ప్రతి ఖాతాకీ కమిషన్. చిరునామాలో ఇంటి నంబరు ముందో వెనకో కొడితే, పేరులో ఒక అక్షరం వదిలేస్తే, మెషీన్ అది పాత మనిషి అని గుర్తుపట్టదు. బాబాయి కిందికి వెళ్ళి అడిగారు. నేనూ వెంట వెళ్ళాను.

"ఆవిడే ఫోన్ చేసింది దాదా. కావాలంది. నేనెలా వద్దంటాను?" అంది అక్కడి అమ్మాయి, హెడ్‌సెట్ మెడలో వేసుకుని. ఆ పిల్లదీ అబద్ధం కాదు.

ఆ తర్వాత ఖాతా మీద ఆయనొక వ్యాఖ్య పెట్టారు: ఈమెకి మరుపు ఎక్కువ, చేర్పించకండి అని. ఆ వ్యాఖ్య మా తెర మీద కనిపించేది. కొత్తవాళ్ళని చేర్పించే తెర మీద కనిపించేది కాదు.

మూడోసారి ఫోన్ చేసినప్పుడు ఆమె ఏడుస్తోంది. ఒక ఖాతా విషయంలో ఆమె ఫోన్ చేయడం మర్చిపోయింది. నెల ముగిసింది, చందా పడింది. బ్యాంకువాళ్ళు చెప్తే తెలిసింది. బాబాయి ఆ ఖాతా ఆపారు. మరో ఖాతా ఉచితంలోనే ఉంటే అదీ ఆపారు. పోయింది తిరిగి ఇప్పించమని టీమ్ లీడర్‌ని అడిగారు. వీలు కాదన్నాడు.

"మీ దగ్గరికి ఎవరైనా వస్తుంటారా మేడమ్?" అని బాబాయి ఆమెని అడిగారు.

ఆదివారాలు కూతురు వస్తుందని చెప్పింది. ఆమెతో ఒకసారి మాకు ఫోన్ చేయించండి, కార్డు కూడా ఆమెనే చూసుకోమనండి అని ఆయన ఒక్కో మాటా విడదీసి చెప్పారు. ఆమె సరే అంది. ఆ కూతురు ఫోన్ చేయలేదు. కూతురికి ఆ కబురు చేరనే లేదని ఇప్పుడు నాకు తెలుసు.

నాలుగోసారి ఫోన్ చేసినప్పుడు, మీ నంబరు నా ఫోన్ పక్కన ఎవరు పెట్టారు అని అడిగింది.

బయట టీ కొట్టు దగ్గర మట్టి కప్పు చేత్తో పట్టుకుని బాబాయి చాలాసేపు తాగకుండా నిలబడ్డారు.

"మా అమ్మకీ ఇలగే అయ్యిందమ్మా," అన్నారు. "కడాకి మమ్మల్ని కూడా, మీరెవులర్రా అని అడిగేది. కానీ మా అమ్మ చేతిలో ఇలాటి కార్డు నేదు కదా. ఆవిడ మరుపు ఎవులికీ లాభం అవ్వనేదు."

ఆ రోజుల్నుంచి ఆయన ప్రతి మధ్యాహ్నం రాగానే ఆమె ఊరి పిన్‌కోడ్ కొట్టి, కొత్త ఖాతా ఏదైనా పుట్టిందేమో చూసేవారు. పుట్టింది. ఉచిత నెల నడుస్తోంది. ఆమె ఫోన్ చేస్తుందేమో అని ఆయన చూశారు. చేయలేదు. ముగింపు తేదీ దగ్గరికొచ్చేసింది.

మరునాడు చందా పడుతుందనగా, ఆ మధ్యాహ్నమంతా ఆయన సీట్లో కుదురుగా లేరు. ప్రతి ఫోన్‌కీ తెర మీద నంబరు చూసి, అది ఆమెది కాకపోతే గొంతు సవరించుకుని మాట్లాడేవారు. చివరికి లేచి టీమ్ లీడర్ దగ్గరికి వెళ్ళారు. ఆమెకి మనమే ఒకసారి ఫోన్ చేసి అడగొచ్చా అని.

"దాదా, ఆవిడ చేస్తే ఆపు. చేయకపోతే అది మన పని కాదు. మనమే ఫోన్ చేసి ఆపుకోమని చెప్తున్నామని తెలిస్తే ఇంగ్లండు క్లయింటు ఊరుకుంటాడా? నా ఉద్యోగం పోతుంది, నీదీ పోతుంది."

ఆయన తిరిగొచ్చి కూర్చున్నారు. టీ విరామానికి అందరూ లేచారు. నేను కూడా లేవబోయి, ఆయన హెడ్‌సెట్ తీయకపోవడం చూసి ఆగిపోయాను. ఆయన నంబరు నొక్కుతున్నారు.

అవతల ఆమె ఏమంటోందో నాకు వినబడలేదు. ఆయన మాటలే విన్నాను. తానెవరో చెప్పారు. ఇంతకుముందు మాట్లాడుకున్న సంగతి గుర్తుచేశారు. "మేడమ్, మీ ఉచిత నెల రేపటితో అయిపోతుంది. మీకు కావాలంటే ఉంచుకోండి. వద్దంటే 'ఆపండి' అని ఒక్క మాట అనండి, ఇప్పుడే ఆపేస్తాను. మీ దగ్గర్నుంచి నాకు కార్డు నంబరు గానీ మరేదీ గానీ వద్దు." కొంతసేపు వింటూ ఉన్నారు. "కాదు మేడమ్. నేను ఏదీ అమ్మడం లేదు. మేడమ్, దయచేసి..."

తర్వాత హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టారు.

"ఏటయ్యింది బాబాయ్?"

"భయపడిపోనాదమ్మా. కార్డు సంగతి ఎవులైనా ఫోన్‌లో అడిగితే పెట్టీమని బ్యాంకోళ్ళు చెప్పినారంట. నన్ను దొంగనుకున్నాది." హెడ్‌సెట్ తీగ సర్దుతూ, "మంచిదే. జాగ్రత్తగానే ఉంది," అన్నారు.

ఆ తర్వాత ఆయన రద్దు మీట నొక్కారు. కారణం ఎంచుకోకపోతే తెర ముందుకి కదలదు. ఉన్న కారణాలన్నీ చూశారు. ఏదీ సరిపోలేదు. 'కస్టమర్ అడిగారు' అన్నదాన్ని ఎంచుకున్నారు.

"బాబాయ్, ఆవిడ అడగనేదు కదా!"

"ఇంతకుముందు అన్నిసార్లూ అడిగినాది కదమ్మా. అడిగినట్టు మర్చిపోనాది, అంతే."

ఖాతా రద్దయినట్టు తెర చూపించింది. ఉచితం ఇంకా ముగియలేదు. ఒక్క పైసా పడలేదు. ఆ సాయంత్రం ఆయన ముఖంలో చాలా రోజుల తర్వాత తేలిక కనిపించింది. ఆఫీసు సుమోలో ఇంటికెళ్తూ, నేను దిగే తారాతలా దాకా మిల్లు ఫుట్‌బాల్ జట్టు కబుర్లు చెప్పి నన్ను నవ్వించారు.

గొడవ అటునుంచి వచ్చింది. ఆదివారం కూతురు వెళ్ళినప్పుడు, ఎవరో విదేశం నుంచి ఫోన్ చేసి కార్డు గురించి మాట్లాడాడని ఆమె చెప్పిందట. ఏ తల్లి నోట అలాంటి మాట విన్నా ఏ కూతురైనా చేసే పనే ఆమె చేసింది. కంపెనీకి ఫిర్యాదు రాసింది.

ఒక మధ్యాహ్నం బాబాయిని సీట్లోంచి లేపి అద్దాల గదిలోకి తీసుకెళ్ళారు. లోపల ముగ్గురు. మాటలు బయటికి రావు. ఆయన ఒక్కోసారి చెయ్యి తెర వైపు చూపించడం, వాళ్ళు తల అడ్డంగా ఊపడం మాత్రం కనబడింది. రికార్డు వినండి అని ఆయనే అడిగారట. విన్నారు. ఆయన కార్డు నంబరు అడగలేదని రికార్డులో స్పష్టంగా ఉంది. కానీ అనుమతి లేకుండా ఫోన్ చేశారన్నదీ ఉంది. ఆమె 'ఆపండి' అనలేదన్నదీ ఉంది. ఆమె అడగని రద్దుని అడిగినట్టు ఆయన నమోదు చేశారు. దొంగతనం కాకపోయినా ఉద్యోగం తీసేయడానికి అంతకంటే అక్కర్లేదు.

సెక్యూరిటీ మనిషి వచ్చి మెడలోని గుర్తింపు కార్డు తీసుకున్నాడు. అన్నం క్యారేజీ సంచి బోర్లించి చూశాడు. గిన్నె మూత ఊడి మిగిలిన కూర బల్ల మీద పడింది. బాబాయి జేబురుమాలుతో దాన్ని తుడిచారు. ఎవరూ వద్దనలేదు.

నేను హెచ్.ఆర్. మేడమ్ దగ్గరికి వెళ్ళాను. ఆ రోజు పక్కనే ఉన్నదాన్ని నేనే అనీ, ఆయన ఏం మాట్లాడారో విన్నాననీ చెప్పాను. ఆమె మొత్తం విని, "మాకు కూడా తెలుసు. నియమం నియమమే. నువ్వు పనిలోకి వెళ్ళు," అంది. మర్యాదగానే చెప్పింది.

దానికంటే చేదైనది నేను తర్వాత చూశాను. కొన్నాళ్ళకి, ఉండబట్టలేక, ఆ పిన్‌కోడ్ కొట్టాను. బాబాయి రద్దు చేసిన ఖాతా మళ్ళీ తెరుచుకుని ఉంది. ఖాతాదారు అడగని రద్దు చెల్లదు కాబట్టి, విచారణ తర్వాత దాన్ని యథాస్థితికి తెచ్చారు. ఉచిత నెల అప్పటికే ముగిసిపోయింది కదా. తెరుచుకున్న రోజే మొదటి చందా పడింది. ఇది మీకు కావాలా అని మాత్రం ఆమెని ఎవరూ అడగలేదు.

నేను టీమ్ లీడర్‌ని లాక్కొచ్చి చూపించాను. "ఆవిడ ఫోన్ చేస్తే ఆపు," అన్నాడు నా ముఖం చూడకుండా.

ఆమె ఫోన్ చేయలేదు. తెలియని ఫోన్లంటే ఆమెకి భయం పట్టుకుందేమో. నెల తర్వాత నెల చందా పడుతూనే ఉంది. నేను చూస్తూనే ఉన్నాను.

చలికాలంలో ఫోన్ చేసింది ఆమె కూతురు. ఆ ఫోన్ నాకే తగిలింది. తల్లిని వృద్ధాశ్రమంలో చేర్చామనీ, ఆమె వ్యవహారాలు చట్టప్రకారం ఇప్పుడు తానే చూస్తున్నాననీ, ఆ పత్రాలు కంపెనీకి పంపాననీ చెప్పింది. అవి అందినట్టు తెర మీద ఉంది. అన్నీ మూసేయమంది. నేను మూశాను. ఇప్పటివరకు ఏమేం పడ్డాయో అడిగింది. చదివి వినిపించాను.

"వీటిలో ఒకటి ఒకసారి రద్దయి మళ్ళీ మొదలైనట్టుంది. ఎందుకని?"

ఫోన్ రికార్డవుతోందని నాకు తెలుసు. అయినా చెప్పాను. "మా దగ్గర పనిచేసిన ఒకాయన దాన్ని రద్దు చేశారు మేడమ్, ఉచితం ముగియకముందే. అది చెల్లదని కంపెనీ తిరిగి తెరిచింది."

"అమ్మకి ఫోన్ చేసిన మనిషేనా?"

"అవును."

"అతను ఆమెతో ఏమన్నాడు?"

"రేపటితో ఉచితం అయిపోతుంది, వద్దంటే ఒక్క మాట చెప్పండి, ఆపేస్తాను అన్నారు."

అతను ఇంకా అక్కడున్నాడా అని అడిగింది. లేరన్నాను. కంపెనీకి రాస్తానంది. రాసిందో లేదో నాకు తెలియదు. పడిన చందాల్లో ఆఖరిది ఒక్కటి మాత్రం వెనక్కిచ్చారు. మిగతావి ఇవ్వలేదు.

ఆ ఆదివారం నేను బడ్జ్ బడ్జ్ వెళ్ళాను. మిల్లు లైన్లలో, అంటే పనివాళ్ళ వరస ఇళ్ళలో, ఒక గది వాళ్ళది. పిన్ని, అంటే ఆయన భార్య, నన్ను చూసి ఆత్రంగా పీట వేసింది. బాబాయి చిక్కిపోయారు. సెక్టర్ ఫైవ్‌లో ఎన్ని కంపెనీలకి వెళ్ళారో. ఇంగ్లీషు మాట్లాడించి చూసి ప్రతివాళ్ళూ బాగుందన్నారట. పాత ఉద్యోగం గురించి విచారించాక మరి కబురు లేదు. ఇప్పుడు ఇంకో మిల్లులో పాత గోనెలు వేరుచేసే కూలిపని. ఆ దుమ్ముకి దగ్గు పట్టుకుంది. మాట మధ్యలో ఆగి ఆగి దగ్గుతున్నారు.

మంచి కబురు చెప్తున్నాననుకునే నేను మొదలుపెట్టాను. కూతురు ఫోన్ చేసిందనీ, అన్నీ మూసేశామనీ, మీరు ఆమెతో ఏమన్నారో ఆ కూతురికి చెప్పాననీ. ఆయన తల ఊపుతూ విన్నారు. తర్వాత అడిగారు.

"అన్నీ అంటే? ఒకటి నాను ఆపీసినాను కదా?"

నేను చెప్పకుండా ఉండాల్సింది. కానీ ఆయన ఎదురుగా కూర్చుని సూటిగా అడుగుతుంటే అబద్ధం నోటికి రాలేదు. "మళ్ళీ తెరిచినారు బాబాయ్."

"ఎప్పుడు?"

"మీరు వెళ్ళిపోగానే."

"అప్పట్నుంచీ తీసినారా? ఇన్ని నెలలూనా?"

"అవును."

ఆయన గోడకి ఆనుకుని కూర్చున్నారు. దగ్గు వచ్చింది. పిన్ని మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. దగ్గు ఆగాక ఆయన, "నాను ఆపినాననే అనుకున్నానమ్మా," అన్నారు. "ఉద్యోగం పోనాది గానీ, అదొక్కటి ఆగినాదని అనుకున్నాను."

అన్నం తిని వెళ్ళమని పిన్ని బలవంతం చేసింది. తిన్నాను. ఆయన కంచం ముందు కూర్చున్నారు గానీ చెయ్యి పెట్టలేదు.

ఆ తర్వాతి వర్షాకాలంలో ఆయన పోయారు. దగ్గు న్యుమోనియా అయింది. ఆసుపత్రిలో మంచం దొరకడానికి పట్టినంతసేపు కూడా ఆయన ఆ మంచం మీద లేరు. నేను అప్పటికే ఆ ఉద్యోగం మానేసి, ఖిద్దిర్‌పూర్‌లో ఒక చిన్న బడిలో పాఠాలు చెప్పుకుంటున్నాను. నా తర్వాత ఆ సీట్లో ఎవరు కూర్చున్నారో తెలియదు. ఆ రేడియో ప్రకటన మాత్రం ఇంకా వస్తోందని ఆ ఆఫీసులోని పాత స్నేహితురాలు ఒకతె చెప్పింది.

పిన్ని తమ్ముడి ఊరికి వెళ్ళిపోతుంటే హౌరా స్టేషన్‌లో రైలెక్కించడానికి నాన్నా నేనూ వెళ్ళాం. సామానంతా ఒక ట్రంకు పెట్టె, రెండు మూటలు. నాన్న నీళ్ళ సీసా తేవడానికి వెళ్ళాడు. కిటికీ చువ్వలు పట్టుకుని పిన్ని నన్ను దగ్గరికి పిలిచింది.

"ఒలమ్మీ, ఒక మాటడుగుతాను. మీ బాబాయి ఆ ఆఫీసులో ఇంగిలీసులో ఏటి మాటాడేవోరే? ఇంటికాడ ఎప్పుడూ మాటాడనేదు, నానెప్పుడూ ఇననేదు."

"ఎవరైనా ఫోన్ చేసి, నాకు వద్దు, ఆపీండి అంటే, సరేనండి ఆపీసినాను అని చెప్పేవోరు పిన్నీ."

"అంతేనా?"

"అంతే."

"దానికా పని పోనాది?"

నేను తల ఊపాను. ఆమె ఇంకేదో అడగబోయింది. ఇంతలో నాన్న నీళ్ళ సీసాతో పరుగెత్తుకొచ్చాడు, రైలు కదిలింది. ఆయన సీసా లోపలికి అందించాడు. పిన్ని దాన్ని ఒళ్ళో పెట్టుకుని, మా వైపు కాకుండా ఎదుటి సీటు వైపు చూస్తూ వెళ్ళిపోయింది.